ట్యాంకు మీద అనుమానం రుజువయ్యేది ఎలా? ఒక టైఫాయిడ్ కథ, దాని వెనుక లెక్క

క్లుప్తంగా: ఒకే అపార్ట్‌మెంట్‌లో పలువురికి టైఫాయిడ్ వస్తే చాలామంది ముందు అడిగే ప్రశ్న "నీళ్లలో ఆ క్రిమి దొరికిందా?" అని. చాలా సందర్భాల్లో దొరకదు. జ్వరం బయటపడేసరికి కలుషితమైన నీళ్లు ఖర్చయిపోయి ఉంటాయి. ట్యాంకే కారణమని తేల్చేవి మూడు: రోగుల రక్తంలో పెరిగిన క్రిమి, జ్వరాలు మొదలైన తేదీలు, ఏ ఇంటికి ఏ ట్యాంకు నుంచి నీళ్లు వస్తున్నాయన్న పైపుల పటం.

ఒక యువ ల్యాబ్ టెక్నీషియన్ తన బల్ల మీదికొచ్చిన రక్తం సీసాల నుంచి మొదలుపెట్టి, ఒక అపార్ట్‌మెంట్ నీటి ట్యాంకు దాకా టైఫాయిడ్ జాడ తీసిందన్న కథ వినడానికి బాగుంటుంది. అయితే అలాంటి కథల్లో సాధారణంగా ముగింపు ఒకేలా ఉంటుంది: ట్యాంకులోంచి ఒక గ్లాసు నీళ్లు తెస్తారు, మైక్రోస్కోపు కింద పెడతారు, క్రిమి కనబడుతుంది. వాస్తవంలో ఆ గ్లాసు దగ్గరే దర్యాప్తు దారితప్పే అవకాశం ఎక్కువ. అందుకే అలాంటి కథనొకదాన్ని కల్పించుకుని, అందులో ప్రతి మెట్టూ నిజంగా ఎలా నడుస్తుందో ఇక్కడ పరిశీలిద్దాం. ఇందులోని అపార్ట్‌మెంట్, అంకెలు కల్పితాలు. పద్ధతులు మాత్రం అసలైనవి.

కథాస్థలం ఇది. ఒకే ప్రాంగణంలో ఏ, బీ అని రెండు బ్లాకులు. ఒక్కోదానిలో 20 ఫ్లాట్లు. రెండింటికీ వచ్చేది ఒకే మున్సిపల్ లైను. కానీ ఏ బ్లాకుకు దాని సొంత సంపు, దాని సొంత ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్నాయి. బీ బ్లాకుకు వేరే సంపు, వేరే ట్యాంకు. మొత్తం కథకు కీలకం ఈ అమరికే.

రక్తం సీసా దగ్గర మొదలు

జూలై 17న ఒక బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని సీసాలో పెంచి చూసే పరీక్ష, పాజిటివ్ అయింది. మర్నాడు ఇంకొకటి. రెండింటిలోనూ ఉన్నది టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా టైఫీ. టెక్నీషియన్ రెండు రిక్వెస్ట్ స్లిప్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంటిపేర్లు వేరు, పంపిన డాక్టర్లు వేరు, అపార్ట్‌మెంట్ పేరు మాత్రం ఒకటే. చాలా ల్యాబుల్లో స్లిప్పు మీద చిరునామా గడి ఖాళీగానే ఉంటుంది, లేదా అందులో ఫోన్ నంబరు రాస్తారు. ఆ గడి నింపి ఉండకపోతే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

ఇక్కడ కల్చర్‌కే అంత విలువ ఎందుకన్నది వివరంగా చూడాలి. టైఫాయిడ్ అనగానే చాలాచోట్ల చేయించేది వైడల్ పరీక్ష. అది క్రిమిని చూపదు, క్రిమికి వ్యతిరేకంగా శరీరం తయారుచేసిన యాంటీబాడీలను చూపుతుంది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్లా, టీకా వల్లా, సాల్మొనెల్లా కుటుంబంలోని వేరే క్రిముల వల్లా కూడా అది పాజిటివ్ కావచ్చు. టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగుతూ ఉండే ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కొంత స్థాయి యాంటీబాడీలు ఉంటాయి. ఒక్కసారి చేసిన వైడల్ ఫలితాలను మాత్రమే పట్టుకుని పటం మీద చుక్కలు పెడితే ఊళ్లో సగం అపార్ట్‌మెంట్లు టైఫాయిడ్ గుంపుల్లాగే కనిపిస్తాయి. నిజమైన గుంపు వాటి మధ్య కలిసిపోతుంది.

కల్చర్‌కూ దాని ఇబ్బంది దానికుంది. టైఫాయిడ్ రోగి రక్తంలో క్రిములు చాలా తక్కువ. మిల్లీలీటరుకు సగటున ఒకటి కూడా ఉండకపోవచ్చు. పెద్దవాళ్ల నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి సీసాలో వేస్తే ఆ రెండింటిలో క్రిమి అసలే లేకపోవచ్చు. అందుకే పెద్దవాళ్లకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, పిల్లలకు వయసును బట్టి 2 నుంచి 4 మిల్లీలీటర్లు తీయాలి. అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు, వీలైతే జ్వరం వచ్చిన మొదటి వారంలో. ఇంత జాగ్రత్త పడినా నిజమైన టైఫాయిడ్ రోగుల్లో సుమారు 40 నుంచి 60 శాతం మందిలోనే కల్చర్ పాజిటివ్ అవుతుంది. కల్చర్ నెగెటివ్ వచ్చిందంటే టైఫాయిడ్ లేదని కాదు. కానీ ఒకే చిరునామా నుంచి రెండు పాజిటివ్ వచ్చాయంటే, వాటి వెనుక కల్చర్‌కు చిక్కనివి, అసలు కల్చర్‌కే రానివి ఇంకా కొన్ని ఉన్నాయని అనుకోవలసిందే.

గుర్తింపులో తడబాటు ఎక్కడ

సీసాలో పెరిగిన క్రిమిని మెకాంకీ అగర్ అనే పోషక పదార్థం మీద గీస్తే లాక్టోజ్‌ను వాడుకోని రంగులేని కాలనీలు వస్తాయి. ఒక కాలనీని చక్కెరలు, ఇనుము కలిపిన టీఎస్ఐ అనే పోషక గొట్టంలో పొడిస్తే అడుగు పసుపు, ఏటవాలు భాగం ఎరుపు, గ్యాసు లేదు, రెండూ కలిసేచోట సన్నని నల్లటి గీత. టైఫీకి ఇదే ముఖ్య లక్షణం. దాని దాయాది పారాటైఫీ-ఏ అయితే సాధారణంగా గ్యాసు వస్తుంది, నల్లగీత రాదు. యూరియేజ్, ఇండోల్, సిట్రేట్ అనే రసాయన పరీక్షలు టైఫీలో నెగెటివ్.

చివరి మెట్టు, క్రిమిని గుర్తుపట్టే యాంటీబాడీలున్న యాంటీసీరంతో దాన్ని స్లైడు మీద గడ్డకట్టించడం. కొత్తగా పనిలో చేరినవాళ్లు పొరబడేది ఇక్కడే. అప్పుడే వేరుచేసిన టైఫీకి పైన వీఐ అనే పూత ఉంటుంది. ఆ పూత లోపలి ఓ-9 భాగాన్ని కప్పేస్తుంది కాబట్టి ఓ-9 సీరం వేస్తే ఏమీ జరగదు. రసాయన పరీక్షలన్నీ టైఫీ అంటుంటే సీరం కాదంటుంది. అప్పుడు క్రిమి కలిపిన ద్రవాన్ని మరిగే నీళ్లలో కొంతసేపు ఉంచి, చల్లార్చి, మళ్లీ చేయాలి. పూత పోయి ఓ-9 తో గడ్డకడుతుంది. కథలోని టెక్నీషియన్ మొదటి సీసా దగ్గర ఈ పని చేయకుండా "సాల్మొనెల్లా కాదు" అని రాసి ఉంటే రెండో సీసా ఒంటరి కేసుగా మిగిలేది.

రెండు నమూనాలూ ఒకే మందులకు లొంగి, ఒకే మందులకు లొంగకపోతే అవి ఒకే మూలానివి కావచ్చన్న అనుమానం బలపడుతుంది. అది రుజువు మాత్రం కాదు; ఒక ప్రాంతంలో తిరిగే టైఫీ చాలావరకు ఒకే తీరులో ఉండొచ్చు. ఆ మాట గట్టిగా చెప్పాలంటే జన్యుక్రమ విశ్లేషణ కావాలి. దాని ఫలితం సాధారణంగా మరమ్మతులన్నీ అయ్యాక వస్తుంది.

పాత రిజిస్టరు వెనక్కి తిప్పితే అదే అపార్ట్‌మెంట్ నుంచి అంతకుముందు వారంలో వచ్చిన మూడు వైడల్ పాజిటివ్‌లు కనబడ్డాయి. విడిగా చూస్తే వాటికి విలువ లేదు. రెండు కల్చర్ల పక్కన చేరాక ఉంది.

టెక్నీషియన్ గీత ఎక్కడ ఆగుతుంది

కథల్లో ఇక్కడి నుంచి టెక్నీషియన్ తెల్లకోటుతో ఫ్లాట్ల తలుపులు తడుతుంది. అది జరగకూడదు. రోగి చిరునామా, ఫలితం ల్యాబుకు అందినవి వైద్యం కోసం. వాటిని పట్టుకుని ఇరుగుపొరుగును విచారించే అధికారం ల్యాబు సిబ్బందికి ఉండదు. సరైన దారి: ల్యాబు మైక్రోబయాలజిస్టుకు చెప్పడం, ఆయన ద్వారా స్థానిక ఆరోగ్య అధికారికి తెలపడం. ఇంటింటి వాకబు ఆరోగ్య సిబ్బంది పని. అయితే వాళ్లకు ఇచ్చే కాగితం మీద ఏముండాలో టెక్నీషియన్‌కే బాగా తెలుసు: ప్రతి రోగికి వయసు, ఫ్లాట్ నంబరు, రక్తం తీసిన తేదీ, కల్చరా వైడలా, అన్నిటికీ మించి జ్వరం మొదలైన తేదీ. నమూనా ల్యాబుకు వచ్చిన తేదీని జ్వరం మొదలైన తేదీగా వాడితే మున్ముందు లెక్కంతా తప్పుతుంది. ఒకరు మూడో రోజునే రక్తం ఇస్తారు, ఇంకొకరు పదో రోజున ఇస్తారు.

తేదీలతో వెనక్కి నడవడం

ఆరోగ్య సిబ్బంది ముందు ఒక నిర్వచనం పెట్టుకున్నారు. 38 డిగ్రీల సెల్సియస్, అంతకుమించిన జ్వరం మూడు రోజులు లేదా ఎక్కువ ఉండి, కల్చర్ పాజిటివ్ అయితే నిర్ధారిత కేసు. అంతే జ్వరం ఉండి రక్తంలో యాంటీబాడీ పరీక్ష మాత్రమే పాజిటివ్ అయితే సంభావ్య కేసు. ఈ కొలతతో జూలై 24 నాటికి ప్రాంగణం మొత్తంలో పదిమంది తేలారు: నలుగురు నిర్ధారితం, ఆరుగురు సంభావ్యం. మొదటి జ్వరం జూలై 8న, చివరిది జూలై 21న మొదలయ్యాయి. పదిమందిలో ఆరుగురికి 10, 14 తేదీల మధ్యే మొదలైంది.

టైఫాయిడ్ క్రిమి ఒంట్లోకి వెళ్లాక జ్వరం రావడానికి సాధారణంగా ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. తక్కువలో తక్కువ ఆరు రోజులు, ఎక్కువలో ఎక్కువ 30 రోజులు అనుకోవచ్చు. ఇప్పుడు లెక్క సులువు. అందరూ ఒకే దఫా కలుషితానికి గురయ్యారనుకుంటే, మొదటి రోగి క్రిమిని మింగింది జూలై 2 తర్వాత అయ్యుండదు, ఎందుకంటే 8వ తేదీకి ఆరు రోజులైనా ఉండాలి. చివరి రోగి మింగింది జూన్ 21కి ముందు అయ్యుండదు, ఎందుకంటే 21వ తేదీ నుంచి 30 రోజులకు మించి వెనక్కి పోలేం. వెతకాల్సిన కాలం జూన్ 21 నుంచి జూలై 2 వరకు.

ఈ పన్నెండు రోజుల కిటికీ చేసే మొదటి మేలు అనవసరమైన అనుమానాలను తప్పించడం. అపార్ట్‌మెంట్ వాసులు మొదట వేలు చూపింది జూలై 5న కింద హాల్లో జరిగిన పుట్టినరోజు విందు మీద. రోగుల్లో చాలామంది దానికి వెళ్లారు కూడా. కానీ 8వ తేదీన జ్వరం మొదలైన మనిషికి 5వ తేదీ విందు కారణం కాలేదు. మూడు రోజుల వ్యవధి టైఫాయిడ్‌కు చాలదు. విందులో వంట చేసినవాళ్లను నిందించే పని అక్కడితో ఆగింది.

రెండో మేలు: ఆ రోజుల్లో ఏం జరిగిందని నిర్దిష్టంగా అడగవచ్చు. "ఈమధ్య నీళ్లు బాగోలేవా?" అంటే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. "జూన్ ఆఖరి వారంలో పైపులకో డ్రైనేజీకో ఏమైనా అయిందా?" అని వాచ్‌మన్‌ను అడిగితే సమాధానం వెంటనే వచ్చింది. జూన్ 28 నుంచి 30 దాకా ఏ బ్లాకు వెనుక మ్యాన్‌హోల్ మూసుకుపోయి, మురుగు పైకి పొంగి నిలిచింది. శుభ్రం చేసేవాళ్లు 30న వచ్చారు.

కేసుల వరుస కూడా దీనికి సరిపోయింది. రోజూ కాస్త కాస్త కలుషితమయ్యే నీళ్లయితే జ్వరాలు వారాల తరబడి సాగుతాయి, ఒక శిఖరం అంటూ ఉండదు. ఇక్కడ ఒకే శిఖరం, తర్వాత సన్నబడుతున్న తోక.

రెండు బ్లాకుల పోలిక

తేదీలు ఎంత చక్కగా కుదిరినా అవి సూచన మాత్రమే. ట్యాంకు మీద బరువు మోపేది పోలిక. ఏ బ్లాకులో 74 మంది ఉంటే తొమ్మిది మంది జబ్బుపడ్డారు, అంటే 12 శాతం. బీ బ్లాకులో 78 మంది ఉంటే ఒక్కరు, అంటే ఒక శాతం పైచిలుకు. తొమ్మిదిన్నర రెట్ల తేడా. రెండు బ్లాకులవాళ్లూ ఒకే లైను నీళ్లు వాడతారు, అవే దుకాణాలకు వెళతారు, అదే విందుకు వెళ్లారు. తేడా ఉన్నది సంపు, ట్యాంకు దగ్గరే. కాబట్టి తప్పు మున్సిపల్ లైనుది అయ్యే అవకాశం కూడా ఈ ఒక్క పోలికతో బాగా తగ్గిపోతుంది.

అలాగే ఏ బ్లాకు లోపల ఇంకో పోలిక. కుళాయి నీళ్లు కాచకుండా, ఫిల్టరు లేకుండా తాగే 31 మందిలో ఎనిమిది మంది జబ్బుపడ్డారు. కాచి గానీ, ప్యూరిఫైయర్‌లో పట్టి గానీ తాగే 43 మందిలో ఒక్కరే. ఒకే ట్యాంకు నీళ్లలో కూడా నేరుగా తాగినవాళ్లకే దెబ్బ తగిలిందంటే, తప్పు ఆ నీళ్లదే అనడానికి ఇంతకన్నా బలమైన ఆధారం దొరకడం కష్టం. కాచి తాగిన ఆ ఒక్కరి సంగతి అడిగితే పళ్లు తోముకోవడానికీ, పచ్చిగా తినే కూరగాయలు కడగడానికీ కుళాయి నీళ్లే వాడేవారని తెలిసింది.

ఇక బీ బ్లాకులోని ఆ ఒక్కరు. లెక్కకు పొసగని కేసును చాలామంది "యాదృచ్ఛికం" అని పక్కన పెట్టేస్తారు. వాకబులో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దానికే. అతను తొమ్మిదేళ్ల పిల్లాడు. రోజూ సాయంత్రం చదువుకోవడానికి ఏ బ్లాకు రెండో అంతస్తుకు వెళ్లేవాడు, అక్కడ కూజా నీళ్లు తాగేవాడు. ఆ ఇంట్లో నీళ్లు కాచరు. మినహాయింపులా కనిపించిన కేసు చివరికి సిద్ధాంతానికే బలం చేకూర్చింది. అతను అక్కడికి ఎప్పుడూ వెళ్లి ఉండకపోతే రెండో మూలం కోసం వెతకవలసి వచ్చేది.

చరిత్రలో ఈ పద్ధతికి ఒక పెద్ద ఉదాహరణ ఇంగ్లండ్‌లోని క్రాయిడన్. 1937లో అక్కడ 341 మందికి టైఫాయిడ్ సోకి, 43 మంది చనిపోయారు. ఊరికి నీళ్లిచ్చే ఒక బావిలో మరమ్మతు జరుగుతుండగా క్లోరిన్ కలపడం, వడపోత ఆపేశారు. బావిలో దిగి పనిచేసినవాళ్లలో ఒకరు టైఫాయిడ్ వాహకుడు, అంటే తనకు జబ్బు లేకుండానే క్రిమిని మోసే మనిషి. కేసులు ఊరంతా సమంగా లేకుండా, ఆ బావి నీళ్లు చేరే ప్రాంతంలో గుమికూడటమే దారి చూపింది. బావి స్థానంలో సంపు ఉందనుకుంటే మన కథలోని లెక్కకూ దానికీ తేడా లేదు.

సంపులోకి మురుగు ఎలా చేరుతుంది

టైఫాయిడ్ క్రిమికి మనిషే ఆశ్రయం. పావురాలో ఎలుకలో ట్యాంకులో పడితే నీళ్లు పాడవుతాయి, ఇతర జబ్బులు రావచ్చు, టైఫాయిడ్ రాదు. దానికి మనిషి మలం ఏదో దారిన నీళ్లలోకి చేరాలి. డాబా మీది ఓవర్‌హెడ్ ట్యాంకుకు అది చేరడం అరుదు. భూమిలో ఉన్న సంపుకే ఆ ప్రమాదం.

ఏ బ్లాకు సంపు గోడకు, మ్యాన్‌హోల్‌కు మధ్య దూరం మీటరుకు కాస్త ఎక్కువ. సంపు గోడలోంచి పైపు దూరేచోట సిమెంటు ఊడి సందు ఏర్పడింది. మామూలు రోజుల్లో ఆ సందు వల్ల ఏమీ కాదు, ఎందుకంటే మ్యాన్‌హోల్‌లో మురుగు అడుగునే పారుతుంది. అది మూసుకుపోయి నిండినప్పుడు చుట్టూ మట్టి మురుగుతో నానుతుంది. అప్పుడు సంపు నిండుగా ఉంటే లోపలి నీటి ఒత్తిడి సందులోంచి బయటికి నెడుతుంది కాబట్టి మురుగు లోపలికి రాదు. పొద్దున మోటారు వేసి నీళ్లన్నీ పైకి ఎక్కించాక సంపు ఖాళీ అవుతుంది. బయట మట్టిలోని మురుగు మట్టం లోపలి నీటి మట్టం కన్నా పైన ఉంటుంది. ఆ కొన్ని గంటల్లోనే సందులోంచి లోపలికి ఊరుతుంది. తర్వాత మున్సిపల్ నీళ్లు వచ్చి సంపు నిండి, చూడ్డానికి తేటగా ఉంటాయి. మళ్లీ మోటారు వేస్తే అవన్నీ ఓవర్‌హెడ్ ట్యాంకుకు, అక్కడి నుంచి ఇరవై వంటిళ్లకు.

ఇలాంటి కలుషితం వచ్చిపోతూ ఉంటుంది. సంపు నిండుగా ఉన్నప్పుడు నమూనా తీస్తే శుభ్రమని రావచ్చు. ఉదయం మోటారు ఆపిన తర్వాత, కొత్త నీళ్లు రాకముందు అడుగున మిగిలిన నీళ్లు తీయడం అందుకే ముఖ్యం.

మురుగులో క్రిమి ఎక్కడిదన్న ప్రశ్న సహజం. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లలో నూటికి రెండు నుంచి ఐదుగురి దాకా పిత్తాశయంలో క్రిమి ఉండిపోయి, ఏ బాధా లేకుండా ఏడాదికి మించి మలంలో విడుదలవుతుంది. నూటయాభై మంది వాడే మురుగు లైనులో అలాంటివాళ్లు ఒక్కరున్నా చాలు. ఆ ఒక్కరు ఎవరని అపార్ట్‌మెంట్‌లో వెతకడం మొదలైతే వాళ్లను వేధించడమే మిగులుతుంది. గోడకు సందు లేకపోతే ఆ వ్యక్తి వల్ల ఈ నీళ్లకు హాని ఉండేది కాదు.

నీటి పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

జూలై 20న నీటి నమూనాలు తీశారు. అంటే మురుగు పొంగిన మూడు వారాలకు. ఈలోగా సంపు నీళ్లు ఎన్నోసార్లు మారాయి. టైఫీ నీళ్లలో పెరగదు, క్రమంగా చనిపోతుంది. మిగిలినవి ఎంతో నీటిలో చెదిరిపోయి ఉంటాయి, పైగా ఇతర క్రిముల మధ్య వాటిని వేరుచేయడం కష్టం. అందుకే వెతికేది టైఫీని కాదు, ఈ-కొలైని. అది మనిషి, జంతువుల పేగుల్లో విస్తారంగా ఉంటుంది. తాగునీటి 100 మిల్లీలీటర్లలో అది ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే మలం చేరే దారి ఇంకా తెరిచే ఉందన్నమాట.

నమూనా తీయడంలో చిన్న పొరపాటు ఫలితాన్ని తారుమారు చేస్తుంది. నీళ్లలో క్లోరిన్ ఉంటే అది సీసాలో కూడా క్రిములను చంపుతూనే ఉంటుంది. ల్యాబుకు చేరేసరికి పాడైన నీళ్లు కూడా శుభ్రమని వస్తాయి. అందుకే స్టెరిలైజ్ చేసే ముందే సీసాలో క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ వేస్తారు. 120 మిల్లీలీటర్ల సీసాకు 3 శాతం ద్రావణం 0.1 మిల్లీలీటరు. వాడేముందు ఆ సీసాను కడగకూడదు, కడిగితే ఆ మందు పోతుంది. కుళాయి మూతిని వేడిచేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి, మూత లోపలి భాగం తాకకుండా పట్టాలి. పైన కాస్త ఖాళీ ఉంచాలి. మంచు పెట్టెలో పెట్టి, వీలైతే ఆరు గంటల్లోపు పరీక్ష మొదలుపెట్టాలి. క్లోరిన్‌ను మాత్రం అక్కడికక్కడే కొలవాలి.

ఆరు చోట్ల తీశారు. మున్సిపల్ లైను సంపులో పడేచోట ఈ-కొలై లేదు, క్లోరిన్ లీటరుకు 0.3 మిల్లీగ్రాములు. బీ సంపులో, బీ కుళాయిలో ఈ-కొలై లేదు, క్లోరిన్ 0.2. ఏ సంపు అడుగున 100 మిల్లీలీటర్లకు ఈ-కొలై 22, క్లోరిన్ సున్నా. ఏ ఓవర్‌హెడ్ ట్యాంకులో, ఏ వంటింటి కుళాయిలో కూడా ఈ-కొలై ఉంది, క్లోరిన్ లేదు. నిజానికి ఈ పట్టికలో ఈ-కొలై కన్నా ముందే సాక్ష్యం చెప్పింది క్లోరిన్. ఒకే లైను నీళ్లు, ఒకే పూట పట్టినవి, ఒక సంపులో క్లోరిన్ నిలిచింది, ఇంకోదానిలో పూర్తిగా హరించుకుపోయింది. దాన్ని హరించే మలినం ఆ సంపులో ఉంది.

టైఫీ ఏ నమూనాలోనూ దొరకలేదు. నివాసితుల సంఘం దీన్ని "ట్యాంకు బాగానే ఉంది" అని అర్థం చేసుకుంటే అది ప్రమాదకరమైన పొరపాటు. ఇంకో పొరపాటు దానికి వ్యతిరేక దిశలోది: వార్త వినగానే ట్యాంకు కడిగించేయడం. కడగడం అవసరమే. కానీ ముందు పావుగంట వెచ్చించి నమూనాలు తీసుకుంటే, తర్వాత ఆ సందు ఎక్కడుందో వెతకడానికి ఆధారం మిగులుతుంది. ఫలితం కోసం మాత్రం ఆగనక్కరలేదు. పోలిక అంకెలు తేలిన రోజునే ఏ బ్లాకు నీళ్లు కాచకుండా తాగవద్దని చెప్పాలి.

సందును రంగు నీళ్లతో చూపించవచ్చు. సంపును మూడో వంతుకు దించి, లోపలికి నీళ్లు వచ్చే వాల్వు కట్టి, మ్యాన్‌హోల్ బయటి దారిని తాత్కాలికంగా మూసి, అందులో ఫ్లోరెసీన్ రంగు కలిపిన నీళ్లు నింపాలి. కొన్ని గంటల్లో సంపు గోడ మీద ఆకుపచ్చ చార దిగితే ఇక వాదన ఉండదు. చార రాకపోతే సంపు నిర్దోషి అని కాదు. ఎండిన మట్టి రంగును పీల్చేసుకుని ఉండొచ్చు, మర్నాడు మళ్లీ చూడాలి.

మరమ్మతు, ఆ తర్వాతి నెల

సంపు పూర్తిగా తోడి, గోడలు రుద్ది, సందు మూసి, వీలైతే మురుగు లైనును దూరంగా జరిపాక క్రిమిసంహారం చేయాలి. ఖాళీ సంపులో మనిషి దిగేముందు మూతలు తెరిచి గాలి ఆడనివ్వాలి, పైన మరో మనిషి ఉండాలి. మూసి ఉన్న సంపుల్లో ప్రాణవాయువు తగ్గి ప్రాణాలు పోతాయి. తర్వాత నీళ్లు నింపి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వచ్చేలా చేసి 24 గంటలు ఉంచాలి. 12,000 లీటర్ల సంపుకు కావలసింది 600 గ్రాముల క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం క్లోరిన్ ఉంటే అది రెండు కిలోలు. మూత తెరిచి నెలల తరబడి ఉంచిన సంచిలో అది సగానికి పడిపోయి ఉండొచ్చు, అప్పుడు నాలుగు కిలోలు కావాలి. పౌడర్‌ను కొద్ది నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను పోయాలి. ఆ నీళ్లను ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, ప్రతి ఫ్లాట్‌లో ప్రతి కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తెరిచి మూయాలి. చాలామంది సంపు కడిగి పైపులను మరిచిపోతారు. చివరికి అంతా వదిలేసి, కొత్త నీళ్లు నింపి, కుళాయి దగ్గర క్లోరిన్ కనీసం 0.2 ఉందని, ఈ-కొలై లేదని చూశాకే తాగనివ్వాలి.

ఈ పని జూలై 25కు పూర్తయిందనుకుందాం. జూలై 29న ఏ బ్లాకు నుంచి ఇంకో కల్చర్ పాజిటివ్ వస్తే మరమ్మతు విఫలమైందని కంగారు పడనక్కరలేదు. 25వ తేదీకి ముందు తాగిన నీళ్ల వల్ల ఆగస్టు 24 దాకా కూడా జ్వరం మొదలు కావచ్చు. ఆ తేదీ దాటాక మొదలైన జ్వరం మాత్రం వేరే సంగతి. దానికి రెండే అర్థాలు: సందు ఇంకెక్కడో మిగిలిపోయింది, లేదా కోలుకుంటున్న రోగి నుంచి ఇంట్లో మరొకరికి చేతుల ద్వారా, వంట ద్వారా పాకింది. కోలుకున్నవాళ్లు కొన్ని వారాల పాటు మలంలో క్రిమిని వదులుతుంటారు కాబట్టి రెండోది అరుదేమీ కాదు. జబ్బుపడ్డ మనిషి ఇంట్లో అంతకుముందు టైఫాయిడ్ వచ్చినవాళ్లు ఉన్నారా లేదా అన్న ఒక్క ప్రశ్న ఈ రెండింటినీ చాలావరకు విడదీస్తుంది. ఎవరూ లేని ఇంట్లో కొత్త కేసు వస్తే సంపు మూత మళ్లీ తెరవాలి.